కెమెరా ఎక్కడ నిలబడింది

పోయినవాటి లెక్క ముందు చెప్తాను. మనిషి ప్రాణం ఒకటి. అది నాది కాదు. నా కుడిచేతి చిటికెన వేలు, దాని పక్కది, రెండూ విరిగి వంకరగా అతుక్కున్నాయి, కలం పట్టడానికి పనికిరావు కాబట్టి పోయినవాటిలోనే వేస్తున్నాను. పైవరుస పన్ను ఒకటి. గాజుబల్ల ఒకటి. పందొమ్మిదేళ్ళలో గీసిన గ్రాఫ్ కాగితాలు మూడు వందల నలభై ఒకటి. నా అంగడికి వచ్చే నేతగాళ్ళు ఇరవై ఆరుగురు, అందులో పదిహేడుమంది. నన్ను "అన్నా" అని పిలిచే ఒక గొంతు.

ఎమ్మిగనూరులో నాది డిజైన్ గీసే అంగడి. నేతగాడు ఒక అంచు బొమ్మో కొంగు బొమ్మో తెస్తే, దాన్ని గళ్ళ కాగితం మీద గీసి ఇస్తాను. అడ్డంగా లెక్కపెడితే పడుగు దారాలు, నిలువుగా లెక్కపెడితే పేక దారాలు. నింపిన గడి దగ్గర దారం పైకి లేస్తుంది, ఖాళీ గడి దగ్గర లేవదు. ఆ కాగితం చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టలు మగ్గాన్ని నడుపుతాయి. ఒక్క గడి తప్పితే చీర పొడుగునా ప్రతి బొమ్మలోనూ అదే తప్పు వస్తుంది. ఏడో తరగతితో బడి మానేసిన నాకు లెక్కలు నేర్పింది ఆ భయమే. గుణకారాలు, భిన్నాలు, కోణాలు అన్నీ అవసరం వచ్చినప్పుడు ఒక్కటొక్కటే నేర్చుకున్నాను. ఎవరైనా లెక్క తప్పు చెప్తే నోరు మూసుకొని ఉండలేను. అది గుణమో జబ్బో నాకు తెలియదు. ఈ కథ అంతా దాని వల్లే జరిగింది.

మా నేత సంఘంలో ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఊరి చివర ఇద్దరు అన్నదమ్ములు నడిపే షెడ్డులో కరెంటు మగ్గాల మీద దిగిన చీరలు చేతిమగ్గం చీరలుగా అమ్ముడవుతున్నాయని ఆయన అధికారులకు అర్జీ పెట్టాడు. తనిఖీకి మనుషులు వచ్చారు, షెడ్డుకు తాళం పడింది. పదహారు రోజుల తర్వాత, ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు దాటాక, మా వీధిలో ఆయన్ను సైకిలు మీద నుంచి దించి కొట్టారు. కర్నూలు ఆసుపత్రిలో ఐదో రోజు పోయాడు. తలకు తగిలిన దెబ్బే చంపిందని డాక్టరు రాశాడు.

మా వీధికి ఒక అలవాటు ఉంది. కొట్లాట మొదలైతే షట్టర్లు దిగుతాయి. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఒకటి దిగిన చప్పుడుకు రెండోది, దానికి మూడోది. ఏడు అంగళ్ళకు ఏడు షట్టర్లు. పోలీసులు వచ్చి అడిగినప్పుడు ఏడుగురమూ ఒకే మాట చెప్పాం. షట్టర్ వేసి ఉంది, చూడలేదు అని. మిగతా ఆరుగురి సంగతి నాకు తెలియదు. నేను మాత్రం చూశాను.

ఆయన భార్య సంఘంలో భర్త చోటుకు వచ్చింది. మగ్గం మీద ఆయన వదిలిన చీరను తానే పూర్తి చేసి దించింది. కొన్నాళ్ళకు ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు, మాటలు రాసి ఇస్తే వీడియో తయారుచేసే కంప్యూటరు పద్ధతిని మూడు రోజులు నేర్పుతామని, చిన్న వ్యాపారులు, నేతవాళ్ళు ఎవరైనా రావచ్చని చెప్పారు. చీరలకు ప్రకటనలు చేసుకోవచ్చు కదా అని సంఘం ఇద్దర్ని పంపింది. గళ్ళ లెక్క తెలిసినవాడినని నన్ను. చదువుకున్నదని ఆమెను.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. గోనెగండ్ల నుంచి వచ్చిన కూలీలు ఎక్కి నిలబడే చోటు కూడా లేదు. ఊరు దాటాక నా వైపు తిరిగింది.

"అన్నా, ఒకటి అడుగుతా. కోపం సేసుకోవద్దు."

"అడుగమ్మా."

"సీఐ సారు నిన్న పిలిపించినాడు. సూసినోళ్ళు ఒక్కరన్నా లేకపోతే కేసు నిలబడదమ్మా అన్నాడు. ఊరికంతా ఎరికే కద సారూ అంటే, ఎరికుండేది వేరే, సూసేది వేరే అన్నాడు. నీ అంగడి ఎదురుగానే కదన్నా."

"షట్టర్ ఏసుకోని పండుకోనుంటినమ్మా."

"సప్పుడన్నా ఇనపళ్ళేదా?"

"ఫ్యాన్ తిరుగుతాండె."

ఆయన్ను కొట్టిన వేళ కరెంటు లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తన స్టీలు నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకొని రెండు చేతులతో పట్టుకొని ఆదోని దాకా అలాగే కూర్చుంది.

కాలేజీ గదిలో ఇరవై ఎనిమిది మందిమి. చీరల అంగళ్ళ వాళ్ళు, పత్తి మిల్లు గుమాస్తా ఒకడు, ఆస్పరి నుంచి వచ్చిన పెళ్ళి వీడియోల వాడు, మిగతా అంతా పిల్లలు. నేర్పడానికి వచ్చిన మేడమ్‌కు ముప్ఫై రెండు ముప్ఫై మూడేళ్ళు ఉంటాయి. ఆ కాలేజీలోనే కంప్యూటర్లు చెప్తుంది. గొంతు చిన్నది, కానీ వెనక వరుస దాకా వినపడేట్టు నిదానంగా మాట్లాడింది. నమస్కారాలు, పరిచయాలు ఏవీ లేకుండా గోడ మీద తెర వేసి, "చీర కట్టుకున్న అందమైన అమ్మాయి అని రాశాను. ఏమొచ్చిందో చూడండి," అంది.

తెర మీద రాజమహల్ లాంటి మెట్లు. ఒక అమ్మాయి దిగుతోంది. గాలి లేకుండానే కొంగు ఎగురుతోంది. మూడో మెట్టు దగ్గర చీర అంచు ఎర్రగా ఉంది, ఆరో మెట్టుకు పచ్చగా అయింది. చేతి వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

"బాగుంది మేడమ్," అన్నాడు పెళ్ళి వీడియోల వాడు.

"ఎవరి చీర అది?" అని అడిగింది మేడమ్.

పత్తి మిల్లు గుమాస్తా వెనక్కి తిరిగి చీరల అంగళ్ళ వాళ్ళ వైపు చూశాడు.

"మీలో ఒక్కరి చీర కాదు. ఎందుకంటే మీ చీర గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. ఈ యంత్రం మీ మనసులో ఉన్నది చూడదు. మీరు రాసింది చూస్తుంది. రాయకుండా వదిలేసినదాన్ని ఖాళీగా ఉంచదు, ఇంతకుముందు ఎక్కువసార్లు చూసినదేదో అది పెట్టి నింపేస్తుంది. అమ్మాయి అంటే మహల్, చీర అంటే ఎగిరే కొంగు. ఆ మహల్ తప్పు దానిది కాదు. ఖాళీ వదిలిన మనది."

నేను ముందుకు వంగి కూర్చున్నాను. నా మగ్గం అలా కాదు. గడి ఖాళీగా వదిలితే ఖాళీగానే నేస్తుంది. వదిలిన గడిని తనకు తోచిన రంగుతో నింపే మగ్గం ఉంటే దానికి నేను ఒక్క కాగితం కూడా గీసి ఇవ్వను.

ఆమె రెండో ముక్క వేసింది. తెల్ల సున్నం గోడ. ఎడమ వైపు కిటికీ నుంచి పొద్దుటి ఎండ. నడివయసు ఆడమనిషి మగ్గం ముందు కూర్చొని ఉంది. కెమెరా కదలదు. ఆ మనిషి కుడిచేత్తో బట్టను ఒకసారి నిమిరి, చేతిని వెనక్కి తీసుకుంటుంది. అంతే. అందులో ఎండ కూడా ఎండలాగే ఉంది.

"దీనికి రాసిన ప్రాంప్టు, అంటే యంత్రానికి మనం రాసి ఇచ్చేది, ఏడు వరుసలు. ఎవరు, ఎక్కడ, వెలుగు ఏ పక్క నుంచి, కెమెరా ఎక్కడుంది, కదులుతుందా లేదా, ఏ ఒక్క పని జరుగుతుంది, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది. ఎనిమిది సెకన్లలో మూడు పనులు పెడితే మూడూ చెడతాయి. ఇది వద్దు, అది వద్దు అని రాయకండి, వద్దన్న వస్తువే ఒక్కోసారి వచ్చి కూర్చుంటుంది. ఉండాల్సింది ఏదో అది రాయండి. ఇంత రాసినా మొదటిసారికే సరిగ్గా రాదు. దీనికి నాలుగోసారికి వచ్చింది."

"మేడమ్, మా అంచులో పదహారు హంసలుంటాయి. పదహారు అని రాస్తే పదహారే వస్తాయా?" అని అడిగాను.

"రావు సార్. పద్నాలుగు రావచ్చు, ఇరవై రావచ్చు. లెక్కలో ఇది మొద్దు. దానికి మీ చీర ఫోటోనే ఇచ్చి మొదలుపెట్టాలి, అప్పుడు కూడా కన్ను వేసి ఉండాలి."

నాకు ఆ మాట నచ్చింది. తనకు రానిదాన్ని రాదని చెప్పే పంతులు తక్కువ.

"అందం, కోపం, భయం, ఈ మాటలు కెమెరాకు కనపడవు," అని ఆమె కొనసాగించింది. "కోపం అంటే ఏం కనపడుతుంది? దవడ బిగుస్తుందా, చెయ్యి పైకి లేస్తుందా? అది రాయాలి. రాయాలంటే ముందు మీరు చూసి ఉండాలి. చూడనివాడికి మాటలు దొరకవు, దొరికినా అరువు మాటలే దొరుకుతాయి. ఇది కంప్యూటరు పాఠం కాదు, కంటి పాఠం."

వెనక నుంచి ఒక పిల్లవాడు, "మేడమ్, ఫైటు సీను ఒకటి సెయ్యండి మేడమ్!" అన్నాడు. గది అంతా నవ్వింది.

"నెత్తురు వచ్చేవి ఇది చేయదు నాయనా, కాదంటుంది. అయినా కాగితం మీద చూద్దాం. ఒకడు ఇంకొకణ్ణి కొట్టాడు. కెమెరాకు ఏం కనపడుతుంది? చెప్పు."

"రాడ్డు తీసుకోని నెత్తి పైకి ఎత్తి ఒక్కటి ఏస్తాడు మేడమ్! వాడు ఎగిరి ఆరడుగుల అవతల పడతాడు!"

"ఆరడుగులా, పదహారా?" అన్నాడు పెళ్ళి వీడియోల వాడు. "వైరు కట్టినావా ఏందిరా వానికి?"

మళ్ళీ నవ్వులు. మేడమ్ కూడా నవ్వింది. "చూశారా? ఇది నువ్వు చూసింది కాదు, సినిమాలో చూసింది. యంత్రం చూసింది కూడా అదే. మీరిద్దరూ ఒకటే బడిలో చదివారు."

నేను నోరు మూసుకొని ఉండాల్సింది. కానీ లెక్క తప్పింది. ఆరడుగులు అన్నాడు.

"అట్ల పడరు మేడమ్," అన్నాను.

"ఎలా పడతారు సార్?"

"వెనక్కి పోరు. మొదట మోకాళ్ళు మడుస్తారు. ఉన్నచోటనే కిందికి దిగుతారు, గోనెసంచి జారినట్ల. రాడ్డు కూడా నెత్తిపైకి ఎత్తరు. చెవి దగ్గరికి ఎత్తుతారు, అంతే. అంతకంటే పైకెత్తితే ఊపు పోతాది."

"బాగుంది. ఏ చేత్తో?"

"ఎడమ చేత్తో."

"దెబ్బ ఎక్కడ పడింది?"

"కుడి మోకాలి వెనక. మోకాలు మడిచినప్పుడు సైకిలు హ్యాండిలు తిరిగి మీద పడింది. సంచి జారి, అందులో దారపు కండెలు రోడ్డు మీదికి దొర్లినాయి."

ఆమె అడుగుతున్న ప్రతి ప్రశ్నా నా గళ్ళ కాగితం మీద ఒక గడి. నేను నింపుతూ పోయాను. ఇప్పుడు రాస్తున్నప్పుడు సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. అన్ని నెలలు లోపల పెట్టుకున్న బొమ్మ ఒక్క గడి తప్పకుండా బయటికి వస్తోంది.

"వెలుగు?"

"నడినెత్తిన ఎండ. నీడలు కాళ్ళ కిందనే."

"రెండో దెబ్బ?"

"ఎడమ భుజం. అప్పుడు అరచెయ్యి నేలకు ఆనించినాడు. సైకిలు పట్టుకోనున్న ఇంగొకడు హ్యాండిలు వదిలి, రాడ్డు దిక్కు చెయ్యి సాచినాడు."

"ఎన్ని సెకన్లయింది?"

"ఐదు."

"కెమెరా ఎక్కడ నిలబడింది సార్?"

"నిలబడలేదు మేడమ్. పండుకోనుంది. నేల మీద నుంచి అడుగెత్తున, సగం దించిన షట్టర్ కింద నుంచి. వీధి అవతలి అంచు, షట్టర్ నుంచి ఇరవై రెండడుగుల దూరం."

గదిలో ఎవరూ నవ్వడం లేదని అప్పుడు గమనించాను. మేడమ్ చేతిలోని రిమోటు కిందికి దిగింది. "సార్," అంది చాలా మెల్లగా, "ఇది ప్రాంప్టు కాదు."

నా పక్కన కుర్చీ జరిగింది. చనిపోయినాయన భార్య లేచి నిలబడింది. నా కళ్ళలోకి కాదు, నా నోటి వైపు చూస్తోంది, ఇంకా మాటలు రాబోతున్నాయేమో అన్నట్టు.

"కండెలు," అంది. "కండెలు దొర్లినాయని నువ్వెట్ల సెప్తావన్నా? అవి పోలీసులొచ్చేలోపల మా తమ్ముడు ఏరుకోనొచ్చినాడు. యాడా రాసుకోలేదు ఆ సంగతి."

నేను "అమ్మా" అన్నాను.

"ఫ్యాన్ తిరుగుతాండెనా?"

స్టీలు సీసా నిండా నీళ్ళున్నాయి. మొదటి దెబ్బ కనుబొమ్మ మీద తగిలింది. రెండోది నోటి మీద, పైవరుస పన్ను అక్కడ పోయింది. మూడోదానికి చెయ్యి అడ్డం పెట్టాను. "పండుకోని సూసినావురా! పండుకోని!" అని అరుస్తూ కొడుతోంది. ఇద్దరు పిల్లలు ఆమెను పట్టుకోబోతే మోచెయ్యి తగిలి ఒకడి ముక్కు పగిలింది. పెళ్ళి వీడియోల వాడు నడుము పట్టుకొని ఎత్తి వెనక్కి లాగాడు. అతని ముంజేయి కొరికింది. నెత్తురు నా కంట్లోకి కారి గది సగం ఎర్రగా కనపడింది. పోటు మొదలైంది తర్వాత. మొదట మాత్రం ఒక బరువు దిగినట్టు అయింది.

మేడమ్ తన చున్నీ మడిచి నా నొసటికి అదిమింది. "పోలీసులకు చెప్పారా సార్ ఇది?" అంది.

"లేదు."

"ఇప్పుడు ఇరవై ఏడుమందికి చెప్పారు."

నాకు దారి మిగల్లేదని ఆమె ఉద్దేశం. కనుబొమ్మకు మూడు కుట్లు వేయించుకొని నేరుగా ఎమ్మిగనూరు స్టేషనుకు పోయాను. మరుసటి రోజు సీఐ నన్ను కూర్చోబెట్టి, నా మాటంతా విని, పెన్ను మూసి పెట్టాడు.

"ఏమప్పా, ఇన్ని నెలలు కండ్లు కనపళ్ళేదు, వీడియోలు సేసేది నేర్పిస్తానే కనపడ్డాయా? రేపు వాళ్ళ లాయరు అడుగుతాడు. ఇది సూసిందా, ఆడ కూచోని కట్టిందా అని. నేనేం సెప్పల్ల?"

"కొలుసుకోండి సార్," అన్నాను.

కొలిచాడు. టేపు తెప్పించి నా అంగడికే వచ్చాడు. వీధి వెడల్పు నా లెక్క ప్రకారమే ఇరవై రెండడుగులు. షట్టర్‌ను రెండున్నర అడుగుల ఎత్తులో ఆపాడు. తాను నాలుగడుగుల లోపల చాప మీద కూర్చొని చూశాడు.

"నడుము దాకానే కనపడతాంది. మొగం యాడ కనపడుతుందప్పా?"

"కూచోలేదు సార్. పండుకోనుంటి. తల చేతి మీద."

ఆయన యూనిఫారంతోనే పక్కకు ఒరిగాడు. కానిస్టేబులును అవతల నిలబడమన్నాడు. కానిస్టేబులు టోపీ దాకా కనపడుతోంది. కన్ను కిందికి దిగేకొద్దీ షట్టర్ కింద నుంచి పైకి చూపు ఎక్కువ పోతుంది. ఊహించి చెప్పేవాడికి ఈ సంగతి తట్టదు. అక్కడి నుంచే మేడమ్‌కు కూడా ఫోను చేశాడు. స్పీకరులో నాకు వినపడింది.

"ఆయన కల్పించి చెప్పారని అనుకోను సార్," అంది ఆమె. "అల్లేవాళ్ళు కెమెరాను అన్నీ బాగా కనపడే చోట పెడతారు. ఈయన పెట్టింది దాక్కున్న చోట. ఎవరూ తమకు సిగ్గయ్యే చోట కెమెరా పెట్టుకోరు."

తాళం పడిన షెడ్డు అన్నదమ్ముల్లో ఎడమచేతి వాటం తమ్ముడిదని ఊరికంతా తెలుసు. మూడు రోజుల్లో అతన్ని పట్టుకుపోయారు. అన్న పేరు కూడా కేసులో చేర్చారు కానీ, సైకిలు పట్టుకున్నాడు, చెయ్యి చాచాడు అనే వరకే నా మాట. కొట్టాడనే మాట లేదు. కొన్నాళ్ళకు అతను బెయిలు మీద బయటికి వచ్చాడు.

వచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం నలుగురు నా అంగడికి వచ్చారు. అందులో అతను లేడు. లోపలికి రాకముందే వీధిలో చప్పుడు మొదలైంది. గర్రుమని ఒక షట్టర్, తర్వాత ఇంకొకటి. ఆరు లెక్కపెట్టాను. ఏడోది నాది.

"ఏం మామా, లెక్కలు బాగా వస్తాయంట నీకు," అన్నాడు ఒకడు. "మా దెబ్బలు లెక్క పెట్టుకో. రేపు సెప్పల్ల కదా."

వెటకారం కాకపోయినా నేను లెక్కపెట్టేవాణ్ణే. వీపు మీద నాలుగు, తొడల మీద మూడు. ఇద్దరు నన్ను వంచి పట్టుకున్నారు. ఒకడు కుడిచెయ్యి గాజుబల్ల మీద చాపి పెట్టాడు. "గీసేది ఈ చెయ్యేనా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకముందే సుత్తి దిగింది. ఎనిమిది. గాజు పగిలి అరచేతిలోకి దిగింది. మళ్ళీ ఎత్తాడు. తొమ్మిది. ఆ తర్వాత లెక్క తప్పింది. నా జీవితంలో లెక్క మధ్యలో వదిలేసింది అదొక్కటే. తెలివి వచ్చేసరికి నా గ్రాఫ్ కాగితాలన్నీ అంగడి ముందు మురికి కాలువలో ఉన్నాయి. రంగు గళ్ళన్నీ కరిగి నీళ్ళు ఊదాగా పారుతున్నాయి. పక్క అంగడి ఆయన షట్టర్ జానెడు ఎత్తి, "ఉన్నావా సామీ?" అని అడిగి, బతికే ఉన్నానని తెలుసుకొని, మళ్ళీ దించాడు. ఆయనను నేను తప్పు పట్టలేను. జానెడు ఎత్తాడు. నేను ఆ రోజు అది కూడా ఎత్తలేదు.

కట్టు విప్పిన వారానికి ఆమె అంగడికి వచ్చింది. అప్పటికి బల్ల లేదు, చాప ఉంది, భయపడి పదిహేడుమంది నేతగాళ్ళు రావడం మానేశారు. గుమ్మం దగ్గరే నిలబడింది. నా చేతిని చూసి తల పక్కకు తిప్పుకుంది, జాలితోనో అసహ్యంతోనో నేను చెప్పలేను.

"ఒకటే మాట అడిగి పోతా," అంది. "తల మీద కొట్టింది ఎవురు?"

"ఐదు సెకన్ల దాకానే నేను సూసింది. వాళ్ళన్న రాడ్డు దిక్కు చెయ్యి సాచినాడు. అప్పుడు షట్టర్ దించినా."

"దించినాక?"

"సప్పుళ్ళు. రెండు."

"రాడ్డు వాని సేతికి పోయింటాది కదా. సెయ్యి సాచినోడు ఏంటికి సాస్తాడు? పీక్కునేకే కదా."

"పోయిండొచ్చు. తమ్ముని చేతిలోనే ఉండొచ్చు. ఆపేకే సాచినాడేమో గూడా తెలీదు."

"ఆపేకే!" అని ఆమె నవ్వింది. అది వినడం కంటే సుత్తి దెబ్బ నయం. "వాడు దినామూ మా ఇంటి ముందర బండి మీద పోతాండాడు. నిదానంగా పోతాడు, నేను సూడల్లని. నువ్వు ఒక్క మాట సెప్తే లోపలికి పోతాడు. సూసినానని సెప్పు. అన్నీ అంత బాగా సెప్పినావే, ఇంగ రెండు మూడు సెకన్లు సెప్పలేవా? నువ్వు సెప్తే ఎవురైనా నమ్ముతారు."

నిజమే. నమ్ముతారు. ఏం రాయాలో కూడా నాకు తెలుసు. ఏ చేత్తో రాడ్డు అందుకున్నాడు, మడమ ఎలా తిప్పాడు, నీడ ఎక్కడ పడింది. సీఐ కొలిచినా ఒక్క అంగుళం తేడా రాదు. ఖాళీ వదిలినచోట ఎక్కువగా జరిగేదేదో తెచ్చి పెట్టడం యంత్రానికి వచ్చినట్టు నాకూ వచ్చు. అన్నే కొట్టి ఉంటాడని నాకూ అనిపిస్తుంది. అనిపించడం కెమెరాకు కనపడదు.

"చూళ్ళేదమ్మా," అన్నాను. ఈసారి అది నిజం. మొదటిసారి అబద్ధానికి వాడిన మాట, రెండోసారి నిజానికి కూడా అదే దొరికింది.

ఆమె గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేసింది. నా మీద ఉమ్ముతుందనుకున్నాను, మళ్ళీ కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"సూడకుండా దించుకున్యావు కదా," అంది. "ఆ సెకన్లు నావి. నా మొగునివి. నువ్వు దాసిపెట్టినావు."

"అవునమ్మా."

ఆమె వెళ్ళిపోయింది. సంఘం మీటింగుల్లో ఎదురుపడితే ఇప్పుడు నన్ను ఏమనీ పిలవదు. చెప్పవలసింది ఉంటే గోడతో చెప్పినట్టు చెప్తుంది. కేసు ఆదోని కోర్టులో నడుస్తోంది. నా వంతు వచ్చినప్పుడు బోనులో నిలబడి చూసింది చూసినట్టు చెప్తాను. తమ్ముడు లోపల ఉన్నాడు. అన్న సాయంత్రాలు మా వీధిలో బండి నిదానంగా నడుపుకుంటూ పోతాడు, నా షట్టర్ వైపు ఒకసారి చూస్తాడు.

చేయి నయమయ్యాక సీఐ నన్ను ఇంకోసారి పిలిచి, ఆ రోజు దించినంత వేగంతోనే షట్టర్ దించమన్నాడు. ఫోనులో సమయం పెట్టి చూసుకున్నాడు. రెండో చప్పుడు ఎప్పుడు వినపడిందో నన్ను నేల మీద తట్టి చూపమన్నాడు. చూపించాను. మొదటి నుంచి చివరి దాకా అంతా కలిపి ఎనిమిది సెకన్లు వచ్చింది. ఐదు నేను ఇచ్చాను. ఈ రోజుకీ ఆమెకు నేను బాకీ ఉన్నది మూడు.